ఓపీలో మొదటి పలకరింపు

ప్రశ్న: ఈమధ్యే పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌గా చేరాను. పొద్దున ఓపీలో ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలకు మించి ఇవ్వలేకపోతున్నాను. అంత తక్కువ టైంలో పేషెంట్‌కి బెరుకు పోయేలా ఎలా పలకరించాలి? అనుభవం ఉన్న డాక్టర్లు, నర్సులు చెప్పండి.

జవాబు:

గుంటూరు జిల్లా పల్లెల్లో చాలా ఏళ్లుగా ఓపీ చూస్తున్నాను. పేషెంట్ కుర్చీలో కూర్చున్నాక పలకరిద్దాం అనుకుంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ముందు పేషెంట్ చీటీ రాయడం పూర్తిచేసి, పెన్ను కింద పెట్టి, అప్పుడే తర్వాతి వాళ్లని పిలవండి. గుమ్మం దాటేటప్పుడు తలెత్తి ముఖంలోకి చూసి, "రండమ్మా, కూర్చోండి. వెంకాయమ్మ గారేనా?" అనండి. పేరు పెట్టి పిలిస్తే మర్యాదగా ఉంటుంది, ఒకరి చీటీ ఇంకొకరి చేతికి వచ్చి ఉంటే అక్కడే తేలిపోతుంది. పైగా ఆ నాలుగడుగుల్లోనే నడక తూలుతోందా, ఆయాసపడుతున్నారా, కాలికి కట్టు ఉందా అన్నవన్నీ కంటపడతాయి. కొత్తవాళ్లయితే మీ పేరు కూడా చెప్పండి. ఇంగ్లండ్‌లో కేట్ గ్రాంజర్ అనే డాక్టర్ క్యాన్సర్‌తో ఆస్పత్రిలో చేరినప్పుడు, చూడటానికి వచ్చేవాళ్లలో చాలామంది తామెవరో చెప్పడం లేదని గమనించి, 2013లో "హలో, మై నేమ్ ఈజ్" అనే ఉద్యమమే మొదలుపెట్టారు.

వయసు చూసి "అమ్మా", "పెద్దాయనా" అనడం మా దగ్గర బాగానే నడుస్తుంది. నలభైల్లో ఉన్నవాళ్లని ఆంటీ, అంకుల్ అంటే కొందరు నొచ్చుకుంటారు. వాళ్లకి పేరు పక్కన గారు చేర్చడమే మంచిది. పేదవాళ్లని, చదువు లేనివాళ్లని చూడగానే "నువ్వు" అనేయడం మన ఆస్పత్రుల్లో చాలా మామూలైపోయింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

"బాగున్నారా?" అని నేను అడగను. అలవాటుకొద్దీ "బాగున్నానండీ" అనేస్తారు, ఆ తర్వాత నొప్పి సంగతి చెప్పడానికి తడబడతారు. దానికి బదులు "ఎలా వచ్చారు, నడిచేనా?" అని అడుగుతాను. రోజూ నడిచొచ్చే మనిషి ఇవాళ ఆటో ఎక్కాను అంటే ఎందుకో కనుక్కోవాలి. షుగర్ ఉన్నవాళ్లని "పొద్దున ఏమైనా తిన్నారా?" అంటాను. వినడానికి ఇంట్లోవాళ్లు అడిగినట్టే ఉంటుంది, చీటీ మీద ఉన్న షుగర్ అంకె పరగడుపుదో కాదో కూడా తెలుస్తుంది.

ఆ తర్వాత "చెప్పండమ్మా" అని ఆగిపోవాలి. అమెరికాలో 1984లో వచ్చిన ఒక పేరున్న పరిశీలనలో, డాక్టర్లు సగటున 18 సెకన్లకే పేషెంట్ మాటకి అడ్డుపడ్డారని తేలింది. ఆపకుండా వింటే చాలామంది ఒకటి రెండు నిమిషాల్లో తామే ముగిస్తారు.

ఒకావిడ సంగతి చెబుతాను. అరవై దాటాయి, బీపీకి ఆమ్లోడిపిన్ రాసి ఉంది. కొడుకు వెంట వచ్చారు. ముందు టేబుల్ దగ్గర మా స్టాఫ్ నర్సు ఆవిణ్ని కుర్చీలో వెనక్కి ఆనించి, పాదాలు నేలకి ఆనేలా కూర్చోబెట్టి, మాటలన్నీ అప్పుడే మాట్లాడేసింది. తర్వాత "ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండమ్మా, బీపీ చూసేటప్పుడు మాట్లాడకండి" అని చెప్పింది. ఈ వరస ముఖ్యం, ఎందుకంటే పట్టీ కట్టి కబుర్లు చెబితే అంకె పెరుగుతుంది. అంత జాగ్రత్తగా చూసినా 170/100 వచ్చింది.

నా గదిలోకి రాగానే కొడుకే "మాత్రలు రోజూ వేసుకుంటోంది సార్" అన్నాడు. అతనికి తలూపి, ఆవిడ వైపు తిరిగి పేరు పెట్టి పలకరించాను. "మీరు చెప్పండమ్మా" అని ఊరుకున్నాను. ఆవిడ కొడుకు వైపు చూసి, కాసేపాగి, "కాళ్లు పొంగుతున్నాయయ్యా, అందుకే పది రోజులై మానేశాను. మావాడు తిడతాడని చెప్పలేదు" అన్నారు. ఆ మాత్రతో కొందరికి చీలమండల దగ్గర వాపు రావడం తెలిసిందే. ఆవిణ్ని పరీక్ష చేసి, వాపుకి వేరే కారణం కనిపించక, టెల్మిసార్టన్‌కి మార్చాను. కొడుకు మాటే నమ్మి ఉంటే, మాత్ర పనిచేయడం లేదనుకుని డోసు పెంచేవాణ్ని, అప్పుడు వాపూ పెరిగేది.

వెంట వచ్చినవాళ్లు జవాబులు చెబుతుంటే కసరొద్దు. "మీ మాట కూడా వింటాను, ముందు అమ్మగారిని చెప్పనివ్వండి" అంటే చాలు. సమయం చాలదనిపిస్తే మొదట్లోనే "ఇదొక్కటేనా, ఇంకా ఏదైనా ఉందా?" అని అడిగేయండి. లేకపోతే చీటీ చేతికిచ్చి పంపేటప్పుడు, తలుపు దగ్గర ఆగి ఛాతీ నొప్పి సంగతి ఎత్తుతారు.

ఛాతీ పట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చిన మనిషికి ఇవేవీ పనికిరావు. "నేను డాక్టర్ని, ఇక్కడే ఉన్నాను" అన్న ఒక్క మాటతో చెయ్యి పట్టుకుని పల్స్ చూడండి, ఈసీజీకి పంపండి.