హైదరాబాద్ దుకాణాలు ఉత్తర ధ్రువం దగ్గర ఎందుకు కనిపిస్తున్నాయి?

సందేహం: హైదరాబాద్‌లోని మా దుకాణాల స్థానాలను గూగుల్ మ్యాప్స్ నుంచి కాపీ చేసుకున్నాను. లీఫ్‌లెట్‌లో మార్కర్లుగా పెడితే సరిగ్గానే కనిపిస్తున్నాయి. అవే అంకెలతో జియోజేసన్ ఫైలు తయారు చేస్తే ఉత్తర ధ్రువం దగ్గరికి వెళ్లిపోతున్నాయి. ఎందుకిలా?

జవాబు: అంకెలు సరైనవే, వరుస మారింది. గూగుల్ మ్యాప్స్ అక్షాంశాన్ని ముందు ఇస్తుంది, లీఫ్‌లెట్ మార్కర్‌కూ అదే వరుస కావాలి. 2016లో వెలువడిన జియోజేసన్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సి 7946 మాత్రం రేఖాంశమే ముందుండాలంటుంది.

```
L.marker([17.385, 78.487])
"coordinates": [78.487, 17.385]
```

నావికులు, సర్వేయర్లు అక్షాంశాన్నే ముందు చెప్పడం పాత ఆనవాయితీ. పటాన్ని గ్రాఫుగా చూసే ప్రోగ్రామర్లు అడ్డంగా సాగే x విలువను ముందు, నిలువుగా సాగే y విలువను తరువాత రాస్తారు. తూర్పు పడమరలను కొలిచే రేఖాంశం వారి లెక్కలో x అవుతుంది. అక్షాంశ రేఖాంశాలతో స్థానాలను చెప్పే `EPSG:4326` వ్యవస్థ నిర్వచనంలో అక్షాంశమే ముందున్నా ఎన్నో సాఫ్ట్‌వేర్లు దాన్ని పట్టించుకోకుండా x, y వరుసనే వాడుతూ వచ్చాయి. పటాలను అందించే డబ్ల్యూఎంఎస్ ప్రమాణమైతే 1.1.1 వెర్షన్‌లో రేఖాంశాన్ని ముందుంచి, 1.3.0కు వచ్చేసరికి ఈ `EPSG:4326` విషయంలో వరుసను తిప్పేసింది. వెర్షన్ సంఖ్య మారినంత మాత్రాన పటం చెదిరిపోవడం వాడేవారికి అన్యాయమే.

మీ ఫైలులో 17.385, 78.487 అని ఉంటే సాఫ్ట్‌వేర్ 78.487 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని వెతుకుతుంది. అది నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, లాంగ్‌యియర్‌బైన్ పట్టణానికి ఈశాన్యంగా దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో పడుతుంది. అక్షాంశం 90 దాటకూడదు కాబట్టి, 91.7 డిగ్రీల రేఖాంశం గల గువాహటి విషయంలో ఇదే పొరపాటు జరిగితే విలువలను తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ దాన్ని తిరస్కరిస్తుంది. తెలుగు రాష్ట్రాల రేఖాంశాలన్నీ 90 లోపే ఉండడంతో మనకు ఆ హెచ్చరిక కూడా రాదు.

స్థానం మారడంతో పాటు ఆకారం కూడా తిరగబడుతుంది. హైదరాబాద్‌కు ప్రధానంగా తూర్పున ఉన్న వరంగల్ (17.97, 79.59) తారుమారైన పటంలో ఉత్తరాన కనిపిస్తుంది. బిందువులు దూరంగా పడి, వాటి దిక్కులు కూడా ఇలా మారాయంటే వరుస తప్పిందనే అర్థం. అన్నీ ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో గుమిగూడితే అది వేరే జబ్బు: విలువలు ఖాళీగా ఉండి సున్నాలుగా మారాయన్నమాట.

ఫైలును తయారు చేసే చోటే ఒక్కసారి వరుస మార్చండి. `L.geoJSON` ఫైలును చదివేటప్పుడు తనంతట తానే వరుసను తిప్పుకుంటుంది కాబట్టి అక్కడ మళ్లీ మార్చకండి. ఆ ఫైలులోని `coordinates` విలువలను మీరే విడదీసి `L.marker`కు ఇస్తున్నట్లయితే మాత్రం తిప్పే బాధ్యత మీదే.