‘అనివార్య కారణాల వల్ల’ అని రాయకు

మిర్యాలగూడ,
17-1-2026

తమ్మీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఉత్తరం చదివిన. పాలమూరు సారుకు పంపే ముందు ఒకసారి చూడమన్నావు. మంచి పని చేసినవు. అది అట్లనే పోతే సారు ఏమీ అనరు కానీ, నీ తర్వాతి పుస్తకానికి ముందుమాట కూడా రాయరు.

జరిగింది చిన్నదే. జనవరి 25 ఆదివారం నల్లగొండలో బడి హాల్లో నీ కథల పుస్తకం సారు విడుదల చేయాలి. హాలు నోటిమాట మీద ఖాయం అనుకున్నావు. మర్నాటి రిపబ్లిక్ డే కోసం పిల్లల రిహార్సల్ ఆ రోజే అక్కడ ఉందని నిన్న తెలిసింది. హాలు మళ్లీ దొరికేది ఫిబ్రవరి 1న. అది మాఘపౌర్ణమి, సారు ఏటా ఇంటిల్లిపాదితో మన్యంకొండకు పోయే రోజు. ఇంకో వారం జరుపుదామంటే అచ్చు ఖర్చు పెట్టిన మీ సొంత అన్న 3వ తేదీన దుబాయ్ వెళ్లిపోతాడు. అందుకే సభ ఫిబ్రవరి 1నే పెట్టుకుని, పిలిచిన సారును రావద్దని చెప్పాల్సి వచ్చింది. మనవైపు మాఘం అంటే జాతరల నెల కదా. ఇటు చెర్వుగట్టు, అటు మన్యంకొండ, రెండేండ్లకోసారి పెద్దగట్టు. ఖాళీ ఆదివారం దొరికిందని డేట్ పెడితే అది ఎవరో ఒకరి దేవుడిది అవుతుంది.

ఇక నీ ఉత్తరం. ‘అనివార్య కారణాల వల్ల సభ వాయిదా పడినది’ అని మొదలుపెట్టావు. పేపర్లలో చదివీ చదివీ ఈ మాట మనకు మర్యాదగా వినిపిస్తుంది. కానీ కారణం చెప్పడం ఇష్టం లేనివాళ్లు రాసే మాట ఇది. చదివిన పెద్దమనిషి కారణం తానే వెతుక్కుంటాడు. ‘ఇంకెవరో పెద్దవాళ్లు దొరికినట్టున్నారు’ అనేదే ముందు తోస్తుంది. నేను ముప్పయ్యేళ్ల కింద ఒక పండితుడికి సరిగ్గా ఈ మాటే రాసిన. నాలుగు రోజులకు ఆ సభ వార్త, ఆయన కుర్చీలో ఇంకొకరు ఉన్న ఫోటోతో సహా పేపర్లో వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంతకుముందు నా ఉత్తరాలకు రెండు పేజీల జవాబు వచ్చేది, ఆ తర్వాత కార్డు మీద ‘శుభం’ అని ఒక్క మాటే వచ్చేది. పెద్దవాళ్ల కోపం అట్లనే తెలుస్తుంది.

రెండో తప్పు ఇంకా లోపల ఉంది. ‘ఆ రోజు తమరికి వీలుకాదని తెలిసి చింతిస్తున్నాము’ అన్నావు. డేట్ మార్చింది నువ్వు. వాక్యంలో మాత్రం వీలుకానిది ఆయనకు అయింది. కింద ‘తమరు రాకపోయినా తమ ఆశీస్సులు ఉండాలి’ అన్నావు. రాకపోవడం కూడా ఆయన మీదికే పోయింది. ఆయన వస్తానని మాట ఇచ్చిన మనిషి, రావద్దంటున్నది నువ్వు. ఇట్లాంటి ఉత్తరంలో క్రియలు ఒక్కొక్కటి వేలితో పట్టుకుని చూడు. పిలిచింది, మార్చింది, మాట తప్పింది అన్నీ ‘నేను’ కిందికే రావాలి. ‘ఆహ్వానం రద్దు’ అని కూడా రాయకు, అది బస్సు టికెట్టుకు వాడే మాట. ‘అన్యథా భావించవద్దు’ తీసెయ్యి. అప్పటిదాకా ఏమీ భావించని మనిషికి కూడా ఏదో ఉందని అనుమానం పుట్టిస్తుంది.

‘వీలైతే దయచేయండి’ అని ఒక చివర వదిలేద్దామా అని అడిగినవు. వద్దు. సారు మొహమాటస్థుడు. అట్ల రాస్తే ఇంట్లోవాళ్లను కొండకు పంపి, ఆ వయసులో జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా బస్సులు మారుకుంటూ నీ సభకు వస్తారు. లేదంటే రాలేనని ఆయన నోటితో ఆయనే చెప్పుకోవాలి. ఆ బరువు ఆయన మీద పెట్టొద్దనే కదా ఈ ఉత్తరం. అందుకే స్పష్టంగా వద్దనాలి.

నేనైతే ఇట్ల రాస్తా:

“సారుకు నమస్కారాలు.

జనవరి 25న నా పుస్తకం మీ చేతుల మీదుగా విడుదల కావాలని అడిగి మీతో సరే అనిపించుకున్నాను. ఆ మాట నిలబెట్టుకోలేకపోతున్నాను. మన్నించండి.

హాలును నోటిమాటతోనే ఖాయం అనుకున్నాను. ఆ రోజు అక్కడ పిల్లల రిహార్సల్ ఉందని నిన్న తెలిసింది. ముందే కాగితం మీద రాయించుకోకపోవడం నా పొరపాటు. హాలు మళ్లీ దొరికేది ఫిబ్రవరి 1న. మా అన్న 3న దుబాయ్ వెళ్తున్నాడు కాబట్టి ఆ తర్వాతికి జరపలేకపోయాను. ఫిబ్రవరి 1 మాఘపౌర్ణమి, మీరు మన్యంకొండలో ఉండే రోజు. అందుకే ఆ సభకు మిమ్మల్ని రమ్మని అడగడం లేదు.

పుస్తకం మా బడి తెలుగు సారు విడుదల చేస్తారు. ఈ సంగతి మీకు నేనే చెప్పాలనుకున్నాను. మీ ముందుమాటను సభలో చదివిస్తాము.

ఫిబ్రవరి 8 ఆదివారం పొద్దున పుస్తకం తీసుకుని మీ ఇంటికి వస్తాను. ఆ రోజు కుదరకపోతే మీరన్న రోజు వస్తాను.”

ఇంతే. విడుదల చేసేది ఎవరో ఎందుకు చెప్పాలని నీకు అనిపించవచ్చు. ఆయన పేపర్లో చూసి తెలుసుకుంటే నా పండితుడి కథే మళ్లీ జరుగుతుంది. ‘మరోసారి తప్పక పిలుస్తాము’ అని కూడా నేను రాయలేదు. నీ రెండో పుస్తకం ఎప్పుడొస్తుందో నీకే తెలియదు, ఆ మాట గాల్లో ఉంటుంది. 8వ తేదీ పొద్దున అంటే ఆయన ఎదురుచూస్తారు. పోకపోతే మాత్రం ఇది రెండోసారి మాట తప్పడం, అప్పుడు ఏ ఉత్తరమూ పనిచేయదు. ఆ రోజు శాలువా తీసుకుపో, ఉత్తరంతో పంపకు. ఉత్తరంతో పోతే అది నష్టపరిహారంలా ఉంటుంది.

ఈ ఉత్తరం కన్నా ముందు ఫోన్ పోవాలి. కాగితం చేరడానికి మూడు నాలుగు రోజులు, ఈలోగా ఆయన బస్సుల టైములు కనుక్కుంటూ ఉంటే నీకు మర్యాదేనా? ఫోన్‌లో రెండు మాటలు చాలు: హాలు సంగతి, నీ తప్పు. మిగతాది ఉత్తరంలో. ఇంట్లోవాళ్లు ‘పిలిచి మానేశారేంది?’ అంటే చూపించుకోవడానికి ఆయన దగ్గర కాగితం ఉండాలి.

ఫోన్‌లో సారు ‘ఏం పర్లేదు, కొండ మీదికి మావాళ్లు పోతారు, నేను వస్తా’ అనవచ్చు. ‘వద్దు సార్, 8న నేనే వస్తున్నా’ అను. మళ్లీ అంటే ఇంకోసారి వద్దను. మూడోసారి కూడా అదే మాటంటే ఒప్పుకో. కారు మాట్లాడి ఇంటి ముందుకు పంపు. కానీ పేరు మాత్రం కార్డు మీద వేయకు, ఆ రోజు పొద్దున మనసు మారినా ఆయనకు ఇబ్బంది ఉండకూడదు.

ఫ్లెక్సీ ఇంకా ప్రింటుకు ఇవ్వలేదన్నావు, బతికినం. పాత కార్డు ఫోటో ఏ గ్రూపులో పెట్టినా ఇప్పుడే తీసెయ్యి. ఫోన్ ఈ రాత్రే చెయ్యి. ఎనిమిదిలోపు చెయ్యి, సారు తొందరగా పడుకుంటారు.

మీ అన్న