ఐదు ఫొటోల్లో ఏది పెట్టాలి?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. హైదరాబాద్‌లో ఓ గ్రూప్ షోలో మొదటిసారి నా ఫొటో పెడుతున్నారు. ఒక్కటే పెట్టాలి, ఫ్రేముతో కలిపి 16×24 అంగుళాలు దాటకూడదు. ఐదు ప్రింట్లు తీయించాను: చార్మినార్ పావురాలు, బోనాల ఊరేగింపు, కొల్లేరులో పడవ, పోచంపల్లి మగ్గం. ఐదోది నానమ్మ బీడీలు చుడుతుంటే తీసింది. బొటనవేలి గోరు పక్కన పగుళ్లలో పొగాకు పొడి ఇరుక్కుని ఉంటుంది. నాన్నేమో "మన ఇంటి లేమి నలుగురికీ చూపిస్తావా? చార్మినార్ పెట్టు" అంటున్నారు. ఏం చేయను?

జవాబు: ముందు అడగాల్సింది నానమ్మని. ఆవిడ సరేనన్నారో లేదో మీరు రాయలేదు. ఫోన్లో చూపించి "పెట్టనా?" అంటే మనవరాలి ముచ్చట కాదనలేక తలూపేస్తారు. ప్రింటే చేతికివ్వండి, నాన్న ఎదురుగా లేనప్పుడు. ముక్కూమొహం తెలియనివాళ్లు చూస్తారని, ఫోన్లలో తీసుకుని పంచుకుంటారని చెప్పండి. కింద పేరు వేయడం, అమ్మకానికి పెట్టడం విడివిడిగా అడగండి. మర్నాడు మళ్లీ అడగండి. "నీ ఇష్టమే" అన్నా ఒప్పుకున్నట్టు కాదు. వద్దంటే ఆ ఫొటో అక్కడితో పక్కన పెట్టేయాలి.

నాన్నతో కళ గురించి వాదించకండి. ఫొటోలో ఏది ఇబ్బందిగా ఉందో వేలుపెట్టి చూపించమనండి. చాలాసార్లు అది పెచ్చులూడిన గోడో, చిరుగు చీరకొంగో అయ్యుంటుంది. చేతుల వరకే కత్తిరిస్తే అదీ పోతుంది.

కానీ కత్తిరింపుకు ఓ చిక్కుంది. మీ కెమెరా ఫొటో 6000×4000 పిక్సెళ్లు అనుకుందాం. చేతులు మాత్రమే ఉంచితే 2400×1600 మిగిలాయనుకోండి. దాన్ని 24 అంగుళాల వెడల్పుకి సాగదీస్తే అంగుళానికి 100 పిక్సెళ్లే. గోరు పగుళ్లు చూడ్డానికి జనం దగ్గరికొస్తారు, అక్కడే మసకగా కనిపిస్తుంది. 8×12కి వేస్తే అంగుళానికి 200 వస్తాయి, సరిపోతుంది. చుట్టూ మూడేసి అంగుళాల తెల్ల మౌంట్ వదిలితే 14×18 అవుతుంది. సన్నటి ఫ్రేము కట్టినా హద్దు దాటదు.

ఇంకోటి, స్క్రీన్ వెలుగుతూ ఉంటుంది కాబట్టి అందులో కనిపించిన నీడలు కాగితం మీద నల్లముద్దలైపోతాయి. ఆకుల చాట, చీర మడతలు ఉన్న భాగాన్నే మూడు వెలుతురు స్థాయిల్లో చిన్న ముక్కలుగా మ్యాట్ కాగితం మీద వేయించండి. రాత్రి పసుపు బల్బు కింద గోడకు అంటించి, రెండడుగుల నుంచి, ఆరడుగుల నుంచి చూడండి. మడతలు విడివిడిగా కనిపించిన ముక్కే ఎంచుకోండి.

ఇక నా మాట: మిగతా నాలుగింటికీ మీరు రెండేసి మాటలే రాశారు, దీనికి పొగాకు పొడి దాకా వెళ్లారు. పైగా గ్రూప్ షోలో చార్మినార్ పావురాలు పక్క గోడమీద కూడా ఉండొచ్చు! నానమ్మ సరేనంటే ఇదే పెట్టండి. కాదంటే మగ్గం, నేసేవారి ముఖం గుర్తుపట్టేలా ఉంటే వాళ్లనూ అడిగి.

నాన్న మాత్రం ఆ ఫొటోను మొదటిసారి గ్యాలరీలో, నలుగురి మధ్య చూడకూడదు. ఫ్రేము కట్టించాక రెండు రోజులు ఇంట్లోనే గోడకు తగిలించండి.