టెక్ సందేహాలు: చుక్క జారితే 11.2 కాస్తా 112

మా అమ్మగారి దగ్గర రెండు గ్లూకోజ్ మీటర్లున్నాయి. ఒకటి కొన్నది, ఒకటి బంధువులు పంపినది. ఆవిడ తెరను ఫోటో తీసి పంపుతుంటే ఫోనులోని అక్షరాలు గుర్తించే సదుపాయంతో అంకెను కాపీ చేసి షీట్‌లో చేరుస్తున్నాను. మొన్న 11.2 అని ఉన్న ఫోటో నుంచి 112 వచ్చింది. ఇలా జరగకుండా యూనిట్‌తో సహా నమోదు చేయడం ఎలా? – ఒక పాఠకురాలు

మీరు పట్టుకున్నది చాలా ప్రమాదకరమైన పొరపాటు. తప్పు అంకె ఏ 912 గానో వచ్చి ఉంటే ఎవరైనా ఉలిక్కిపడతారు. 112 చూసి ఎవరూ ఉలిక్కిపడరు. రెండో మీటరు mmol/L లో కొలుస్తోంది. గ్లూకోజ్ విషయంలో ఆ లెక్కను 18తో గుణిస్తే mg/dL వస్తుంది కాబట్టి 11.2 అంటే దాదాపు 202. చుక్క జారిపోయి, పక్కన అలవాటుగా mg/dL అని చేరితే 202 ఉండవలసిన చోట 112 కూర్చుంటుంది. అది చూడడానికి నిక్షేపంలాంటి అంకె. డాక్టరుగారికి కూడా అనుమానం రాదు.

చుక్క ఎందుకు జారుతుందంటే, ఈ తెరల మీద ప్రతి అంకె ఏడు గీతలతో తయారవుతుంది. గీతకూ గీతకూ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. అచ్చు అక్షరాలను చదవడానికి తయారైన ప్రోగ్రాం ఆ ఖాళీలను చూసి తికమకపడుతుంది. మధ్య గీత మసకబారితే 8ని 0 అంటుంది, ఎడమవైపు కింది గీత కనబడకపోతే 6ని 5 అంటుంది. చుక్క పరిస్థితి మరీ అన్యాయం. ఫోటోలో అది నాలుగైదు పిక్సెళ్ల మచ్చ మాత్రమే కాబట్టి ధూళి కణమనుకుని వదిలేస్తుంది. ఫోటో అంచుకు ఆనుకుని ఉన్న 1 కూడా ఇలాగే ఎగిరిపోతుంది. అప్పుడు 162 కాస్తా 62 అవుతుంది.

అందుకని ముందు ఫోటో సంగతి చూడండి. ఫ్లాష్ ఆపి, తెరకు ఎదురుగా ఫోనును పట్టుకోమనండి. పక్కనుంచి తీస్తే ఎల్‌సీడీ గీతలు పాలిపోతాయి. దీపం ప్రతిబింబం పడుతుంటే మీటరును కొద్దిగా వంచితే చాలు. తెర ఒక్కటే కాకుండా మీటరు మొత్తం ఫోటోలో పడాలి. ఎందుకో కింద చెబుతాను. మరొక సంగతి: బల్ల మీద పెట్టిన మీటరును పైనుంచి తీసేటప్పుడు ఫోనుకు ఏది పైవైపో తెలియక ఫోటో తలకిందులుగా నమోదు కావచ్చు. ఈ గీతల అంకెలలో 2, 5 తలకిందులైనా అలాగే ఉంటాయి, 6 మాత్రం 9 అవుతుంది. అంటే 162 తలకిందులైతే చక్కగా 291గా చదువుకోవచ్చు. mg/dL అనే అక్షరాలు నిటారుగా ఉన్నాయా అని చూస్తే ఈ సందేహం తీరిపోతుంది.

ఫోటోలు వందల్లో ఉంటే కంప్యూటర్‌లో ssocr అనే ఉచిత ప్రోగ్రాం వాడవచ్చు. దాన్ని ఏడు గీతల అంకెల కోసమే రాశారు. అంకెలున్న చోటును కత్తిరించి ఇవ్వాలి:

```
ssocr -d -1 -t 45 crop 420 310 640 260 meter.jpg
```

crop తరువాతి నాలుగు సంఖ్యలు కత్తిరించే చోటు ఎడమ అంచు, పై అంచు, వెడల్పు, ఎత్తు. అవి మీ ఫోటోను బట్టి మారతాయి. -d -1 అంటే ఎన్ని అంకెలున్నాయో నువ్వే చూసుకో అని. -t 45 అనేది నలుపునూ తెలుపునూ విడదీసే హద్దు, గీతలు తెగిపోతుంటే దాన్ని కొద్దికొద్దిగా మార్చి చూడండి. రోజుకు రెండు మూడు ఫోటోలే అయితే ఈ శ్రమంతా అనవసరం. కళ్లతో చూసి చేత్తో టైప్ చేయడమే మేలని నా అభిప్రాయం.

ఇక యూనిట్ సంగతి. దాన్ని అంకె నుంచి ఊహించకండి, మీటరు నుంచి తీసుకోండి. చాలా మీటర్లలో యూనిట్‌ను తయారీలోనే ఖాయం చేస్తారు, వాడేవారు మార్చలేరు. కాబట్టి ఫోటోలో ఏ మీటరు ఉందో కనబడితే యూనిట్ తేలినట్టే. మీటరు మొత్తం ఫోటోలో పడాలన్నది ఇందుకే.

షీట్‌లో A గడిలో తేదీ, సమయం, B లో మీటరు, C లో తెర మీద ఉన్నది ఉన్నట్టుగా, D లో యూనిట్ రాయండి. C వరుసను ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టండి. లేకపోతే 6.0 అని కొట్టగానే షీట్ దాన్ని 6 చేసి, మనకు కావలసిన ఆధారాన్నే మింగేస్తుంది. ఎందుకంటే mmol/L మీటర్లు 6.0 అని సున్నాతో సహా చూపిస్తాయి, mg/dL మీటర్లు చుక్క లేకుండా చూపిస్తాయి. ఈ తేడాను E గడిలో కాపలా పెట్టవచ్చు:

```
=IF(OR(D2="",ISNUMBER(FIND(".",C2))<>(D2="mmol/L")),"మళ్ళీ చూడండి","")
```

యూనిట్ ఖాళీగా ఉన్నా, mmol/L పక్కన చుక్క లేకపోయినా, mg/dL పక్కన చుక్క ఉన్నా ఇది హెచ్చరిస్తుంది. మీ 112 పక్కన mmol/L అని సరిగ్గా రాసి ఉంటే ఇక్కడే దొరికిపోయేది. D లో కూడా mg/dL అని తప్పుగా రాస్తే మాత్రం ఈ సూత్రం నోరెత్తదు. అప్పుడు B లోని మీటరు పేరే మీకు దిక్కు.

మార్చిన విలువ కావాలంటే దానికి F గడి వేరుగా ఉండాలి, C ని చెరపకూడదు:

```
=IFERROR(IF(D2="mmol/L",ROUND(VALUE(C2)*18,0),IF(D2="mg/dL",VALUE(C2),"")),"")
```

తెర మీద అంకెకు బదులు HI లేదా LO వస్తే అలాగే రాయండి. అది మీటరు కొలవగలిగిన హద్దు దాటిందని చెప్పడమే తప్ప విలువ కాదు. దాని స్థానంలో 600 వంటి సంఖ్య వేస్తే సగటు లెక్క చెడిపోతుంది. పైగా ఆ సమయంలో ముందు చేయవలసింది మీటరు పుస్తకంలో చెప్పినట్టు మళ్లీ పరీక్షించి డాక్టరును పిలవడం, షీట్ తరువాత చూసుకోవచ్చు.

సమయాన్ని ఫోటో నుంచి తీసుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. అమ్మగారు మీటరు జ్ఞాపకంలోని పాత రీడింగును తెరిచి ఫోటో తీస్తే ఫోటో సమయం వేరు, పరీక్ష సమయం వేరు. తెర మీద mem అనో, సగటు అయితే avg అనో చిన్న గుర్తు ఉంటుంది. అవి కనబడితే ఆ ఫోటోను ఆ రోజు లెక్కలో వేయకండి.

మా బరువు యంత్రానికి ఎర్రగా వెలిగే అంకెలున్నాయి. కంటికి బాగానే కనబడతాయి కానీ ఫోటోలో ఒక అంకె మాయమవుతోంది. యంత్రం పాడైందా? – మరొక పాఠకుడు

పాడవలేదు. వెలిగే అంకెలున్న చాలా తెరలు అన్ని అంకెలనూ ఒకేసారి వెలిగించవు. ఒకదాని తరువాత ఒకటిగా, కన్ను పట్టలేనంత వేగంగా వెలిగిస్తాయి. వెలుతురు ఎక్కువగా ఉన్నప్పుడు ఫోను కెమెరా క్షణంలో చాలా చిన్న భాగమే తెరుచుకుంటుంది కాబట్టి ఆ సమయానికి వెలిగిన అంకెలే పడతాయి. కెమెరాలో ప్రో మోడ్ ఉంటే షట్టర్ వేగాన్ని 1/30 సెకనుకు తగ్గించండి. ఎర్ర వెలుగు ముద్దగా కనిపిస్తే ఫోను తెర మీద ఆ అంకెపై వేలితో తాకి వెలుతురు తగ్గించండి. అంకెలు కదలడం ఆగి స్థిరపడిన తరువాతే ఫోటో తీయాలి, ఈలోపు తీసినది మీ బరువు కాదు. kg గుర్తు కూడా ఫోటోలో పడిందో లేదో చూడండి. యంత్రం అడుగున ఉన్న మీట పొరపాటున నొక్కుకుపోతే 63.4 kg మనిషి 139.8 lb గా కనబడతారు.