ఏజెంట్ కోడ్ వచ్చిన మా మేనల్లుడికి

ఒరేయ్ శీనూ,

ఎల్‌ఐసీ ఏజెన్సీ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తెలిసినవాళ్ల పేర్లతో ఓ లిస్టు రాయమని మీ ఆఫీసర్ అడిగే ఉంటాడు. రాయి, కానీ అది పట్టుకుని పాలసీ కట్టమని చుట్టాలిళ్లకు తిరగకు. మొహమాటానికి కట్టినవాడు రెండో ఏడు మానేస్తాడు, ఆ తర్వాత పెళ్లిళ్లలో నిన్ను చూసి పక్కకు తప్పుకుంటాడు.

దానికి బదులు వాళ్ల బీరువాలో ఉన్న పాత బాండ్లు చూపించమను. ముందు నామినీ పేరు చూడు. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీల్లో చాలావాటికి తల్లి పేరే ఉంటుంది, ఆవిడ పోయి ఏళ్లయినా ఎవరూ మార్చరు. రేపు ఆయనకేమైనా అయితే భార్య వారసత్వ సర్టిఫికెట్ కోసం కోర్టు చుట్టూ తిరగాల్సి రావచ్చు. నామినీ మార్పు ఫారం నింపించి, బ్రాంచ్‌లో నువ్వే ఇచ్చి, మార్పు నమోదైన కాగితం తెచ్చి వాళ్ల చేతిలో పెట్టు. దీనికి పైసా కమిషన్ రాదు, పాలసీ వేరే ఏజెంట్ రాసిందైనా సరే చెయ్యి. అది సరెండర్ చేయించి కొత్తది రాసే పని మాత్రం పెట్టుకోకు, నష్టం వాళ్లకే.

ఎంతకు రాయాలి, ఎప్పుడు రాయాలి అన్నది వాళ్ల చేతికి డబ్బొచ్చే తీరును బట్టి ఉంటుంది. పత్తి వేసే ఒక కౌలు రైతు ఐదు లక్షలకు ఎండోమెంట్ రాయమన్నాడు, ఏడాదికి పాతిక వేల పైమాటే. పంట పోయిన ఏడు ఎంత కట్టగలవయ్యా అంటే కాసేపు ఆలోచించి పన్నెండు వేలన్నాడు. రెండు లక్షలకే రాశాను, అదీ పత్తి అమ్ముడయ్యే జనవరి దాకా ఆగి, ఏటా వాయిదా అప్పుడే పడేలా. ఆఫీసర్ గొణిగాడులే. ఆ రైతు మాత్రం ఇంతవరకూ ఒక్క వాయిదా తప్పలేదు, తర్వాత వాళ్ల బావమరిదిని తనే వెంటబెట్టుకొచ్చాడు.

మొదటి ప్రీమియం నువ్వే కట్టేయ్ అని అడిగేవాళ్లు కచ్చితంగా తగులుతారు. అలా కట్టడమంటే నీ కమిషన్‌లో వాటా ఇచ్చినట్టే, అది 1938 నాటి బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం నేరం, 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు అని నవ్వుతూనే చెప్పెయ్.

ఫారంలో షుగర్, బీపీ గడుల దగ్గర తొందరపడకు. ఫ్రిజ్ మీద మాత్రల డబ్బా కనిపిస్తూనే ఉంటుంది, అయినా "లేదని పెట్టు బాబూ" అంటారు. ఆ స్ట్రిప్ తెప్పించి చూసి మందు పేరు రాసెయ్. ప్రీమియం కాస్త పెరగొచ్చు, లేదా పాలసీయే ఇవ్వకపోవచ్చు. దాచిపెడితే మొదటి మూడేళ్లలో క్లెయిమ్ వచ్చినప్పుడు ఆ పాత మందుల చీటీలే బయటికి లాగుతారు, అప్పుడు ఆ ఇంటికి వెళ్లి నిలబడాల్సింది నువ్వు.

బాండ్ ఇచ్చేటప్పుడు, 30 రోజుల్లోపు వద్దనుకుంటే తిరిగి ఇచ్చేయొచ్చని, కొద్దిపాటి కోతలు పోను డబ్బు వెనక్కొస్తుందని వాళ్లకు నువ్వే చెప్పు. ఎవరైనా అలా ఇస్తే ముఖం మాడ్చుకోకుండా ఆ కాగితాలు కూడా నువ్వే నింపిపెట్టు.

మీ మామయ్య