పన్నెండు రోజులైనా పని ఇవ్వలేదంటే...

ప్రశ్న: మా అమ్మాయి మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి పన్నెండు రోజులైంది. ప్రాజెక్టు సగంలో ఉండగా తీసుకున్నారు. చదువుకోమని నలభై ఫైళ్లు ఇచ్చారు, పని మాత్రం ఇవ్వలేదు. బడ్డీ అని ఒకబ్బాయిని పెట్టారు, అతనికి తీరిక ఉండదు. మానిపించి డేటా సైన్స్ కోర్సులో చేర్పించమంటారా? మేనేజర్‌తో నేను మాట్లాడనా? నేను స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాను. (గాజువాక నుంచి ఒక తండ్రి)

జవాబు: మేనేజర్‌కి మాత్రం ఫోన్ చేయకండి. మిమ్మల్ని చేరిన రెండో వారంలోనే ఫర్నేస్ దగ్గర ఒంటరిగా వదిలారా? అప్పుడు మీ నాన్నగారు షిఫ్ట్ ఇన్‌చార్జిని కలిసి ఉంటే మీ పరువేమయ్యేది?

ఇది అమ్మాయి మీద కోపంతో చేస్తున్నది కాదు. ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందని ఐబీఎంలో పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. కొత్తవాళ్లకు నేర్పాల్సింది పని తెలిసినవాళ్లే, ఆ గంటలు వాళ్ల పనిలోంచే పోతాయి. ఆ బడ్డీ పరిస్థితీ అదే.

నలభై ఫైళ్లూ వరసగా చదవొద్దని చెప్పండి. "వీటిలో ఇప్పటికీ నిజమైనవి ఏవి?" అని బడ్డీని అడగాలి. సాధారణంగా మూడో నాలుగో తేలతాయి. ముందుగా ప్రాజెక్టును ఎలా నడపాలో చెప్పే README ఫైలు చూసి ప్రాజెక్టును తన ల్యాప్‌టాప్‌లో నడపాలి. అక్కడ కచ్చితంగా ఎక్కడో ఆగిపోతుంది. కాగితంలో జావా 8 అని ఉంటుంది, టీమ్ ఎప్పుడో కొత్త వెర్షన్ 17కి మారిపోయి ఉంటుంది. ఆ తప్పు దిద్ది పంపడమే ఆమె మొదటి పని. పాతవాళ్లకు అలవాటైపోయి కనిపించని తప్పు కొత్త కళ్లకే కనిపిస్తుంది.

తర్వాత ఒక చిన్న బగ్ అడిగి తీసుకోవాలి. ఫోన్ నంబరు ముందు ఖాళీ ఉంటే ఫారం ఒప్పుకోకపోవడం లాంటిది. దిద్దడానికి ఒక్క లైను చాలు. కానీ పని నమోదు చేసే టికెట్, టెస్టు, తోటివాళ్ల రివ్యూ, రిలీజు అన్నీ ఒకసారి దాటాలి. ఎవరు ఏది చూస్తారో అప్పుడే తెలుస్తుంది.

బడ్డీని రోజంతా కదిలించకుండా ఒక అరగంట ఖాయం చేసుకోమనండి. "రావట్లేదు" అంటే అతనికేం అర్థం కాదు. ఏం చేసింది, ఏ ఎర్రర్ వచ్చింది రాసిపెట్టుకుని వెళితే పది నిమిషాల్లో తేలుతుంది.

డేటా సైన్స్ గురించి నాకు అనుమానాలున్నాయి. కోర్సులో ఇచ్చే డేటా శుభ్రంగా ఉంటుంది. ఆఫీసులో ఒక టేబుల్‌లో status అని ఉండి, కింద 3 అని ఉంటుంది. ఆ 3కి అర్థం తరచుగా ఏ కాగితంలోనూ ఉండదు, ఒకరిద్దరికే గుర్తుంటుంది. అక్కడా సగంలో చేరితే ఇదే చదువు, ఇలాంటి బడ్డీయే. పైగా ఫీజు మీది. ఉన్న ఉద్యోగం వదిలి వెళ్లమని నేను చెప్పను.

నెల తిరిగినా ప్రాజెక్టు ఆమె ల్యాప్‌టాప్‌లో నడవకపోయినా, అడిగినా ఒక్క టికెట్టూ ఇవ్వకపోయినా అది టీమ్ తప్పు. అప్పుడు టీమ్ లీడ్‌తో మాట్లాడాలి. మాట్లాడాల్సింది ఆమె, మీరు కాదండీ.