‘మీ గురించి చెప్పండి’ అంటే 90 సెకన్లలో ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?

ప్రశ్న: కస్టమర్ సపోర్ట్‌లో మూడేళ్లుగా చేస్తున్నాను, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగాలకు వెళ్తున్నాను. ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అనగానే టెన్షన్ వచ్చేస్తుంది. రాసుకుని బట్టీ పట్టినా సగంలో మర్చిపోతున్నాను. 90 సెకన్లు సరిపోతాయంటారు కదా, ఆ 90 సెకన్లలో ఏం చెప్పాలి?

జవాబు:

నేనూ సపోర్ట్ నుంచే టెస్టింగ్‌లోకి వచ్చాను. ఇప్పుడు మా టీమ్‌కి మనుషుల్ని తీసుకునేటప్పుడు బల్లకు అవతలి వైపు కూర్చుంటున్నాను. అందుకే రెండు వైపుల నుంచీ చెప్తాను.

ముందు అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్పాలి. మీరు మాట్లాడుతున్నంతసేపూ ఇంటర్వ్యూ చేసేవాళ్ల చేతిలో మీ రెజ్యూమె ఉంటుంది. చాలాసార్లు మేం దాన్ని సరిగ్గా చదివేది అప్పుడే. ఒక చెవి మీ మాటల మీద పెట్టి, తరవాత ఏ ప్రశ్న అడగాలా అని వెతుకుతుంటాం. మీ పేరు, చదువు, మార్కులు ఆ కాగితం మీద ఉన్నాయి కాబట్టి వాటిని మళ్లీ చెప్తే మా చెవి అక్కడ నిలవదు. జరిగిన పని ఒకటి చెప్పారనుకోండి, తల పైకెత్తి వింటాం. మా తర్వాతి ప్రశ్న కూడా దాని మీదే పడుతుంది. అంటే ఈ 90 సెకన్లలో తర్వాతి పది నిమిషాలు దేని గురించి మాట్లాడాలో నిర్ణయించేది మీరే.

నేను టెస్టింగ్ ఇంటర్వ్యూలకు తయారు చేసుకున్న స్క్రిప్ట్ దాదాపు ఇలా ఉండేది. మీ పరిస్థితికి దగ్గరగా ఉంది కాబట్టి మొత్తం పెడుతున్నాను.

“నమస్కారం. నేను ఒక ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌కి కస్టమర్ సపోర్ట్‌లో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. పేమెంట్ దగ్గర వచ్చే సమస్యలన్నీ నా దగ్గరికే వస్తాయి.

ఒకసారి డబ్బు కట్ అయింది గానీ ఆర్డర్ పడలేదని వరసగా కాల్స్ వచ్చాయి. అంతకుముందు ఏం నొక్కారో ప్రతి ఒక్కరినీ అడిగి రాసుకున్నాను. చూస్తే అందరూ ఓటీపీ ఆలస్యమైందని బ్యాక్ బటన్ నొక్కినవాళ్లే. నా ఫోన్‌లో అలాగే చేసి చూశాను, అదే తప్పు వచ్చింది. ఆ స్టెప్స్ వరసగా రాసి డెవలపర్లకు పంపాను. తరవాతి అప్‌డేట్‌లో సరిచేశారు. వారానికి 30 దాకా వచ్చే కాల్స్ రెండు మూడుకు తగ్గాయి.

అప్పుడే నాకు టెస్టింగ్ మీద ఆసక్తి కలిగింది. సాయంత్రాలు మాన్యువల్ టెస్టింగ్ నేర్చుకున్నాను. టెస్ట్ కేసులు రాయడం, బగ్ రిపోర్ట్ చేయడం వచ్చు. ఆటోమేషన్ ఈ మధ్యే మొదలుపెట్టాను.

మీ పేమెంట్ టీమ్‌కి టెస్టర్ కావాలని ప్రకటనలో చూశాను. కస్టమర్ ఎక్కడ తడబడతాడో దగ్గర్నుంచి చూసినదాన్ని కాబట్టి ఈ పని బాగా చేయగలనని నమ్ముతున్నాను. అందుకే అప్లై చేశాను.”

నిదానంగా, ఊపిరి తీసుకుంటూ చదివితే ఇది 90 సెకన్లకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. లెక్కపెడితే వంద మాటలకు కొంచెం పైన. ఇంగ్లిష్‌లో నిమిషానికి 130 నుంచి 150 మాటలు మామూలు వేగం, అంటే 90 సెకన్లకు 200 పైచిలుకు. ఆ లెక్క చూసి తెలుగులో కూడా 200 మాటలు రాసుకోకండి. మన మాటలు పొడుగు, అన్ని మాటలు ఇరికిస్తే పరుగెత్తాల్సి వస్తుంది. మీ ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో అయితే స్క్రిప్ట్ మొదటి నుంచీ ఇంగ్లిష్‌లోనే, మీకు నోరు తిరిగే మాటలతోనే తయారు చేసుకోండి. తెలుగులో ఆలోచించి అక్కడికక్కడ మారుస్తూ పోతే సగంలో ఆగిపోతారు.

ఇందులో నాలుగు భాగాలున్నాయి: ఇప్పుడు చేస్తున్నది, చేసి చూపించిన ఒక్క పని, దాన్నుంచి కొత్త పనికి దారి, ఈ ఉద్యోగమే ఎందుకు. సమయం సమానంగా పంచకండి. రెండో భాగానికి సగం ఇచ్చేయండి, 45 సెకన్లు. మిగతా మూడింటికీ తలా 15 చాలు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. నేపథ్యానికి నిమిషం పెట్టి, అసలు పని దగ్గరికొచ్చేసరికి ‘అలా చాలా సమస్యలు పరిష్కరించాను’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఏ సమస్య, ఎలా అనేది లేకపోతే మాకు అడగడానికి ఏమీ దొరకదు. అప్పుడు రెజ్యూమెలోంచి ఏదో ఒకటి పట్టుకుంటాం, అది మీరు తయారు కాని చోటే అవ్వచ్చు.

బ్యాక్ బటన్ సంగతినే చూడండి. నేను సపోర్ట్‌లో అంతకంటే పెద్ద పనులు కూడా చేశాను, కోపంగా ఉన్న కస్టమర్లను శాంతపరచడం, కొత్తవాళ్లకు శిక్షణ ఇవ్వడం లాంటివి. కానీ టెస్టర్ రోజూ చేసే పని ఏమిటి? తప్పును మళ్లీ రప్పించడం, ఏ వరసలో చేస్తే వస్తుందో రాయడం. ఆ పని నేను టెస్టర్‌ని కాకముందే చేశానని ఆ ఒక్క సంఘటనలో కనిపిస్తుంది. మీ మూడేళ్లలోంచి ఎంచుకునేటప్పుడు కూడా గొప్ప పని కోసం వెతక్కండి. వెళ్లబోయే ఉద్యోగం పోలికలున్న పని కోసం వెతకండి.

ఇంకో సంగతి. చెప్పే ప్రతి వాక్యం తర్వాతి ప్రశ్నకు తట్టుకోవాలి. పై స్క్రిప్ట్ విన్నవాళ్లు ‘అన్ని ఫోన్లలోనూ వచ్చిందా?’ అంటారు. ‘కాల్స్ తగ్గాయని ఎలా లెక్కపెట్టారు?’ అంటారు. ‘ఆటోమేషన్ మొదలుపెట్టానన్నారు, ఏ టూల్‌తో, ఎంతవరకు వచ్చారు?’ అంటారు. మూడింటికీ నా దగ్గర జవాబు ఉండేది కాబట్టే ఆ వాక్యాలు ఉంచాను. ఆటోమేషన్ గురించి రెండు నిమిషాలైనా మాట్లాడలేకపోతే ఆ వాక్యాన్ని తీసేయండి.

ఇక మర్చిపోవడం. బట్టీ పట్టినప్పుడు ప్రతి వాక్యం దాని ముందు వాక్యాన్ని ఆధారం చేసుకుని గుర్తొస్తుంది. మధ్యలో ఒక్క మాట జారితే ఆ తర్వాతవన్నీ పోతాయి. కాబట్టి స్క్రిప్ట్ మొత్తం కంఠతా పట్టకండి. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం అక్షరం పొల్లుపోకుండా రావాలి. మధ్యలో నాలుగు గుర్తులు చాలు. నావి ‘పేమెంట్, బ్యాక్ బటన్, సాయంత్రాలు, మీ టీమ్’. ఆ నాలుగూ చిన్న కాగితం మీద రాసుకుని, స్క్రిప్ట్ పక్కన పెట్టేసి, వాటిని చూస్తూ పైకి చెప్పండి. ప్రతిసారీ మాటలు కొంచెం మారతాయి, మారనివ్వండి. విషయం మారకపోతే చాలు. బ్యాక్ బటన్ దగ్గర తడబడినా ‘సాయంత్రాలు’ అనే గుర్తు మీకోసం ఎదురుచూస్తూ ఉంటుంది, నేరుగా అక్కడికి వెళ్లిపోవచ్చు.

మనసులో చదువుకోవడం సాధనే కాదు. నోటితో చెప్పాలి, ఫోన్‌లో రికార్డ్ చేయాలి, విని చూడాలి. వినేటప్పుడు గొంతు బాగుందా లేదా అని చూడకండి. ఊపిరి ఎక్కడ అయిపోయిందో చూడండి. అక్కడ వాక్యం పొడుగైందని అర్థం, రెండుగా విరిచేయండి. ‘అతనికి డబ్బు కట్ అయిన తర్వాత ఆర్డర్ రాకపోవడానికి కారణమైన సమస్యను గుర్తించి’ లాంటివి కాగితం మీద బాగానే కనిపిస్తాయి, నోట్లో మాత్రం ఇరుక్కుంటాయి. తర్వాత ‘సో’, ‘బేసిక్‌గా’, ‘అంటే’ ఎక్కడ వచ్చాయో చూడండి. అవి సాధారణంగా ఒక భాగం నుంచి ఇంకో భాగానికి మారే చోట వస్తాయి, ఎందుకంటే దారి మీకింకా స్పష్టంగా లేదు. అక్కడ ‘అప్పుడే నాకు టెస్టింగ్ మీద ఆసక్తి కలిగింది’ లాంటి ఒక చిన్న వాక్యం సిద్ధంగా ఉంటే ఆ మాటలు వాటంతట అవే పోతాయి.

ఇంట్లో 90 సెకన్లు పట్టింది ఇంటర్వ్యూలో తక్కువలో అయిపోవచ్చు. టెన్షన్‌లో ముందు పోయేది మధ్యలో ఆగడమే. రెండు చోట్ల తప్పకుండా ఆగండి: మొదటి భాగం అయ్యాక, ‘అదే తప్పు వచ్చింది’ అన్నాక. ఒక ఊపిరి తీసుకునేంత సేపు. మీకు అది చాలాసేపు అనిపిస్తుంది గానీ వినేవాళ్లకు రెండో చోట అసలు విషయం తలకెక్కేది అప్పుడే. ఇంట్లోనే 110 సెకన్లు దాటుతుంటే మాత్రం కోయాలి. రెండో భాగంలో వివరాలు కోయండి, చివరి భాగం జోలికి వెళ్లకండి. సమయం మించిపోతోందని చివర్లో హడావిడి పడితే ఈ ఉద్యోగం ఎందుకు కావాలన్న మాటే వినపడకుండా పోతుంది.

మధ్యలో ఎవరైనా ఆపి ప్రశ్న అడిగితే సంతోషించండి, ఆగి దానికే జవాబివ్వండి. ‘అది చెప్పేముందు ఇది పూర్తి చేస్తాను’ అనొద్దు. మిగిలిన భాగం ఆ సంభాషణలో ఎక్కడో ఒకచోట దానంతటదే వస్తుంది. హెచ్‌ఆర్ వాళ్లు ఫోన్‌లో ‘క్లుప్తంగా చెప్పండి’ అంటే మూడో భాగం వదిలేసి, రెండో భాగాన్ని మూడు వాక్యాలకు కుదించి 45 సెకన్లలో ముగించండి. ఆ చిన్న రూపం కూడా విడిగా పైకి చెప్పి చూసుకోవాలి, అప్పటికప్పుడు కుదించడం కుదరదు. వీడియో కాల్‌లో స్క్రిప్ట్‌ని స్క్రీన్ మీద పెట్టుకుని చదివితే కళ్లు ఎడమ నుంచి కుడికి కదలడం అవతల స్పష్టంగా కనిపిస్తుంది. ఆ నాలుగు గుర్తుల కాగితం కెమెరా పక్కన అంటించుకుంటే చాలు.

ఇంకో కంపెనీకి వెళ్లేటప్పుడు మొత్తం తిరగరాయక్కర్లేదు. మొదటి భాగం, మూడో భాగం అలాగే ఉంటాయి. ఆ ఉద్యోగ ప్రకటన చదివి, దానికి దగ్గరగా మీ దగ్గర ఇంకో సంఘటన ఉంటే రెండో భాగం మార్చండి. నాలుగో భాగం మాత్రం ప్రతిసారీ కొత్తగా రాయాలి. అది ఏ కంపెనీకైనా సరిపోయేలా ఉందంటే ఇంకా రాయనట్టే.

చివరి వాక్యం అయ్యాక నోరు మూసుకోవడం కూడా సాధన చేయండి. ‘అంతేనండి’, ‘ఇంకేం చెప్పాలి’ అని కలిపితే ‘ఈ పని బాగా చేయగలను’ అన్న మాట వెనక్కి పోయి, ‘అంతేనండి’ మిగులుతుంది. చెప్పడం అయిపోగానే వాళ్ల వైపు చూసి ఆగండి. వాళ్లు ఏదో రాసుకుంటూ కొంచెంసేపు మాట్లాడకపోవచ్చు. మీ మాటల్లోంచి ప్రశ్న తయారు చేసుకుంటున్నారన్నమాట, చేసుకోనివ్వండి.